పెద్ద సోఫా కొనే ముందు: తలుపు, లిఫ్టు, మెట్ల మలుపు ఎలా కొలవాలి

రెండేళ్ళ క్రితం బరంపురంలో మేము అద్దెకున్న ఇంటికి శ్రీకాకుళం నుంచి ఒక సోఫా తెప్పించాం. బండి వచ్చింది, ఇద్దరు కూలీలు దాన్ని మెట్ల మీదుగా రెండో అంతస్తు దాకా మోసుకొచ్చారు, తీరా గది తలుపు దగ్గర ఆగిపోయింది. పెద్దాయన ఒకసారి తలుపు వైపు, ఒకసారి సోఫా వైపు చూసి "హెబొని ఆగ్యా" అన్నాడు. అవ్వదండీ అని. నేను కొలిచే కొన్నాను, తలుపు 36 అంగుళాలు, సోఫా ఎత్తు 33, మూడు అంగుళాలు ఖాళీ ఉంటుందనుకున్నాను. కానీ నేను కొలిచింది ద్వారబంధం బయటి అంచు నుంచి బయటి అంచుకి. మనిషి నడిచే ఖాళీ అక్కడ ఇరవై తొమ్మిదిన్నరే. సోఫా అదే బండిలో వెనక్కి పోయింది, రానుపోను కిరాయి మాదే. ఇంకా బాధ కలిగించింది ఏంటంటే, ఆ తర్వాత కూర్చుని కాగితం మీద లెక్క వేస్తే ఆ సోఫా లోపలికి వచ్చే దారి ఉంది, మాకే తెలియలేదు.

ఈ మధ్య మా అప్ప, బావ ఇక్కడే మూడో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నారు. హాల్లోకి ముగ్గురు కూర్చునే సోఫా కావాలన్నారు, ఈసారి డబ్బు కట్టకముందే నేను, బావ టేపు పట్టుకుని గేటు నుంచి హాలు దాకా మొత్తం కొలిచాం. అప్పుడు ఎలా కొలిచామో అదే వరసలో రాస్తున్నాను. బీరువాకి, మంచానికి, డైనింగ్ టేబుల్‌కి కూడా పద్ధతి ఇదే గానీ సోఫా అన్నిటికంటే మొండిది, ఊడదీయడానికి పెద్దగా ఏమీ ఉండదు, కాబట్టి ఉదాహరణ దాంతోనే చెప్తాను.

ముందు సోఫాని కొలవండి, ఇంటిని కాదు

5 మీటర్ల స్టీలు టేపు తీసుకోండి. దర్జీల దగ్గర ఉండే గుడ్డ టేపు సాగుతుంది, దాన్ని నమ్మకండి. ఒక కాగితం, పెన్ను, ఫోన్లో టార్చి, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు.

షాపువాళ్ళు "ఏడడుగుల సోఫా" అంటారు. ఆ ఏడడుగులు కొన్నిసార్లు కూర్చునే భాగం మాత్రమే, రెండు పక్కలా హ్యాండ్ రెస్టులు కలిపితే ఎనిమిది దాటుతుంది. అందుకే మీరే కొలవండి, ఈ కొస హ్యాండ్ రెస్టు బయటి అంచు నుంచి ఆ కొస బయటి అంచు దాకా. ఆన్‌లైన్లో అయితే సెంటీమీటర్లలో ఇస్తారు, 2.54 తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. బావ చూసిన సోఫా 213, 91, 86 సెంటీమీటర్లు, అంటే పొడవు 84 అంగుళాలు, ముందు నుంచి వెనక్కి లోతు 36, నేల నుంచి వీపు పైభాగం దాకా ఎత్తు 34. ఏ అంకె దేనిదో అడిగి రాసుకోండి, లోతునీ ఎత్తునీ తారుమారు చేసి రాసినవి నేను చూశాను.

తర్వాత సోఫాని కొంచెం పైకెత్తి కింద చూడండి. కాళ్ళు మరలతో బిగించి ఉంటే చేత్తో తిప్పితే ఊడిపోతాయి. ఈ సోఫాకి కాళ్ళు 4 అంగుళాలు, అవి తీసేస్తే ఎత్తు 34 నుంచి 30 కి దిగింది. లోపలి ఫ్రేములోనే కలిసిపోయిన కాళ్ళు అయితే దిగదు, ఆ తేడా ఎంత పెద్దదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇప్పుడు చాలామంది కొలవని కొలత ఒకటుంది, దాన్ని ఏటవాలు లోతు అందాం. సోఫాని పక్క నుంచి చూడండి. వెనక వీపు ఎత్తుగా ఉంటుంది, ముందు హ్యాండ్ రెస్టు దానికంటే తక్కువలో ఉంటుంది. ఒక తిన్నటి కర్ర తీసుకుని (మేము కర్టెన్ రాడ్డు తీసుకున్నాం) ఒక కొస వీపు పై అంచు మీద, రెండో కొస హ్యాండ్ రెస్టు ముందు అంచు మీద ఆనించండి. కర్ర ముందుకి వాలుగా నిలుస్తుంది కదా, ఇప్పుడు సోఫా వెనక కింది మూల నుంచి ఆ కర్రకి సూటిగా, మూలమట్టంగా, టేపు పెట్టి కొలవండి. అదే ఏటవాలు లోతు. ఏటవాలుగా తిరిగి తలుపులో దూరినప్పుడు సోఫాకి కావలసిన అతి తక్కువ వెడల్పు అది. కాళ్ళు తీశాక వీపు 30, హ్యాండ్ రెస్టు 20, లోతు 36 ఉన్న ఈ సోఫాకి అది 29 వచ్చింది. సోఫా ఎదురుగా లేకపోతే గళ్ళ కాగితం మీద ఒక గడి ఒక అంగుళం చొప్పున పక్క బొమ్మ గీసి స్కేలుతో కొలిచినా వస్తుంది. నా పాత సోఫాకి ఇలాగే గీసి చూశాను. లోతు 35, కాళ్ళు తీస్తే ఎత్తు 30, ఏటవాలు లోతు 29 లోపే. తలుపు రెక్క ఊడదీస్తే ఆ గదికి 31 అంగుళాల ఖాళీ ఉండేది.

తలుపు: చెక్క కాదు, ఖాళీ

మన వైపు అపార్ట్‌మెంట్లలో సింహద్వారానికి మూడున్నర అడుగులు, గదులకి మూడడుగులు, బాత్రూముకి రెండున్నర అని వడ్రంగులు చెప్పేది ద్వారబంధం బయటి కొలత. రెండు పక్కలా చెక్క మందం పోతుంది. అందుకే ద్వారబంధం లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి, కింద ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి, పైన ఒకసారి. మూడూ ఒకటే రావాలని లేదు, పాత కట్టడాల్లో అర అంగుళం తేడా మామూలే. వాటిలో తక్కువది మీ కొలత.

తర్వాత తలుపు రెక్కని పూర్తిగా తెరిచి మళ్ళీ కొలవండి. రెక్క గోడ దాకా వెళ్ళకుండా చెప్పుల స్టాండు అడ్డొస్తే అది సగంలో ఆగిపోతుంది, దాని మందం, హ్యాండిల్ రెండూ ఖాళీలోకి వస్తాయి. అప్ప వాళ్ళ సింహద్వారానికి చెక్కల మధ్య 37, రెక్క ఉండగా 35. బయట ఇనుప గ్రిల్ తలుపు కూడా ఉంటే దాన్ని విడిగా కొలవాలి, చాలా ఇళ్ళలో లోపలి తలుపు కంటే అదే ఇరుకు.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాదు, గడప పై నుంచి. మనకి గడప ఉంటుంది కదా, పసుపు రాసి బొట్లు పెట్టిన ఆ చెక్క కూడా అంగుళం, రెండంగుళాలు తినేస్తుంది. ఇక్కడ గడప మీద నుంచి పై చెక్క కింది అంచు దాకా 80 వచ్చింది. గుమ్మానికి మామిడి తోరణం, గుడ్డ తోరణం ఉంటే ఆ రోజుకి తీసేయండి, మేకులు కూడా. తోరణం పోయినా మేకు మిగిలితే రెక్సిన్ చిరుగుతుంది.

రెక్క ఊడదీయాల్సి వస్తే ఒక మాట. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే, ఆ ఉప్పు గాలికి తలుపు బందులు, మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బండి వచ్చి కింద నిలబడ్డాక స్క్రూడ్రైవరుతో కుస్తీ పడితే మర తల అరిగిపోవడం తప్ప ఏమీ జరగదు. ముందురోజే రెండు చుక్కలు నూనె వేసి ఒకసారి వదులు చేసి చూసుకోండి.

లిఫ్టు గురించి త్వరగా తేల్చేయండి

లిఫ్టు ఉంది కదా అని ధైర్యంగా పెద్దవి కొనేస్తారు. లోపల పలక చూడండి, ఆరుగురు, 408 కిలోలు అని ఉంటే భారతీయ ప్రమాణాల ప్రకారం ఆ గది వెడల్పు 1100 మిల్లీమీటర్లు, లోతు 1000, తలుపు ఖాళీ 700 ఉంటుంది. అంటే సుమారు 43, 39, తలుపు ఇరవై ఏడున్నర అంగుళాలు. ఎనిమిది మంది, 544 కిలోల లిఫ్టు అయితే 1300, 1100, తలుపు 800, అంటే ముప్పై ఒకటిన్నర. పాత లిఫ్టులు, చిన్న కంపెనీలు బిగించినవి దీనికి తేడాగా ఉండొచ్చు కాబట్టి టేపు పెట్టే చూడండి, తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఖాళీ ఎంత, ఎత్తు ఎంత, లోపల అద్దం కింద పట్టుకునే కడ్డీ ఎంత ముందుకి ఉంది, పైన ఫాల్స్ సీలింగు ఎక్కడుంది.

అప్ప వాళ్ళది ఆరుగురి లిఫ్టు. తలుపు ఎత్తు 79. సోఫా నిలబెడితే 84, అడ్డంగా 29, తలుపు ఇరవై ఏడున్నర. రెండు వైపులా కుదరదు, ఇక ఆలోచించక్కర్లేదు. కొంచెం వంచితే పట్టేస్తుందేమో అని బావ అడిగాడు. లోపల లోతు 39 మాత్రమే, అంత లావు వస్తువుని అంత చిన్న గదిలో వంచితే అది పొట్టిది కాదు, ఇంకా ఎత్తవుతుంది, ఎందుకో తలుపు దగ్గర చెప్తాను. లిఫ్టులో కుషన్లు, ఊడదీసిన కాళ్ళు, మంచం పట్టీలు, అట్టపెట్టెలు పంపండి. సోఫాకి మెట్లే దారి.

మెట్లు, ముఖ్యంగా మలుపు

ఎక్కువ అపార్ట్‌మెంట్లలో మెట్లు సగం దాకా ఒక వైపు ఎక్కి, మధ్యలో ల్యాండింగ్ మీద వెనక్కి తిరిగి, మిగతా సగం ఎదురు వైపుకి ఎక్కుతాయి. వెడల్పు కొలిచేటప్పుడు మెట్టు పొడవు కొలవకండి, గోడ నుంచి రెయిలింగ్ లోపలి అంచు దాకా, నడుము ఎత్తులో కొలవండి, ఎందుకంటే సోఫా వెళ్ళేది ఆ ఎత్తులోనే. ఇక్కడ 39 వచ్చింది. ప్రతి అంతస్తులోనూ కొలవాలి. రెండో అంతస్తులో గోడకి కరెంటు పైపు బిగించారు, అక్కడ 37 మాత్రమే. ఒక్క చోట ఇరుకైనా మిగతా దారంతా విశాలంగా ఉండి ఉపయోగం లేదు. పూలకుండీలు, చిన్నపిల్లల సైకిళ్ళు లాంటివి ఆ రోజుకి పక్కన పెట్టమని ఇరుగుపొరుగుకి ముందే చెప్పొచ్చు, పైపుకి మాత్రం చెప్పలేం.

వెడల్పులో కూలీల చేతులు కూడా ఉన్నాయని మర్చిపోకండి. సోఫాని మామూలుగా, కూర్చునే భాగం పైకి ఉంచి మోస్తే అడ్డంగా 36 అంగుళాలు వస్తుంది, 37 లో అది పట్టినా వేళ్ళు నలుగుతాయి. దాన్ని వీపు మీదకి తిప్పి మోస్తే అడ్డంగా 30 అవుతుంది, అప్పుడు సుఖం. కానీ అప్పుడు నిలువుగా 36 అవుతుంది. ఈ రెండూ ఎప్పుడూ ఇలాగే మారుతుంటాయి, ఒక వైపు తగ్గించుకుంటే రెండో వైపు పెరుగుతుంది, కాబట్టి ఏ చోట ఏ వైపు తిప్పి పెట్టామో మనసులో ఉంచుకుని లెక్క వేయాలి.

ఇక మలుపు. ల్యాండింగ్ మీద 84 అంగుళాల వస్తువుని పడుకోబెట్టి తిప్పడం అయ్యే పని కాదు. 39 అంగుళాల దారి మూలమట్టంగా తిరిగే చోట 29 అంగుళాల లావున్న వస్తువు పొడవు 52 దాటితే ఇరుక్కుంటుంది, అంటే నాలుగున్నర అడుగుల బల్ల కూడా కష్టమే. అందుకే తెలిసిన కూలీలు తిప్పరు, నిలబెడతారు. మొదటి వరస మెట్ల చివర సోఫా ముందు కొసని పైకి లేపుతూ ల్యాండింగ్ మీద నిటారుగా నిలబెట్టి, అలాగే పక్కకి జరిపి, రెండో వరస మెట్ల ముందుకి తెచ్చి, పై కొసని మెట్ల వైపుకి వాల్చుతారు. మధ్యలో సోఫాని గుండ్రంగా తిప్పే పనే లేదు, పక్కకి జరపడమే.

దీనికి మూడు కొలతలు కావాలి. ల్యాండింగ్ లోతు, అంటే ఆఖరి మెట్టు అంచు నుంచి ఎదురు గోడ దాకా. నిలబెట్టిన సోఫా ఆ దిశలో 36 తింటుంది, ఇక్కడ 39 ఉంది, సరిపోయింది. రెండోది ల్యాండింగ్ మొత్తం పొడవు, రెండు వరసల మెట్లు పక్కపక్కన ఉంటాయి కాబట్టి అది సాధారణంగా సమస్య కాదు. మూడోది తల పైన ఎత్తు, ఇదే అసలు పట్టు. శ్లాబు దాకా కొలిచి ఊరుకోకండి, ల్యాండింగ్ అంచున కిందికి దిగిన బీమ్ ఉంటుంది, దాని కింద కొలవండి. ఇక్కడ 96 వచ్చింది.

84 అంగుళాల సోఫాకి 96 ఉంటే ఇంకా లెక్క ఎందుకు అనిపించొచ్చు. పడుకున్నదాన్ని నిలబెట్టేటప్పుడు మధ్యలో ఒక క్షణం అది తన నిలువు ఎత్తు కంటే పొడవుగా లేస్తుంది, కింది మూల నేల మీద ఉండి ఎదురు పై మూల గాల్లో తిరుగుతుంది. ఆ మూల నుంచి ఈ మూలకి కొలతే పైన తగిలేది. లెక్క ఇది:

```
√(84² + 36²) = 91.4
√(90² + 36²) = 96.9
```

మొదటిది బావ చూసిన సోఫా, బీమ్ కింద నాలుగున్నర అంగుళాలు మిగులుతుంది. రెండోది అప్పకి నచ్చిన ఇంకో సోఫా, 90 అంగుళాల పొడవు, ఎత్తయిన వీపు, కాళ్ళు ఊడవు, మొత్తం ఎత్తు 38. అది బీమ్‌కి దాదాపు ఒక అంగుళం తేడాతో తగులుతుంది. అడ్డంగా కూడా 38, పైపు దగ్గర దారి 37. ఆరంగుళాల పొడవు, ఊడని కాళ్ళు, ఈ రెండిటితో ఒక సోఫా ఇంట్లోకి వస్తుంది, ఇంకోటి రాదు. అప్ప ఆ రంగు చూసి చాలా ఇష్టపడింది పాపం, అదే రంగు గుడ్డ 84 దానికి వేయించమని షాపులో అడిగితే వేస్తామన్నారు.

బీరువాకి కూడా ఈ మూల కొలతే చూడాలి. గదిలో పడుకోబెట్టి బిగించి తర్వాత లేపే బీరువా ఏడడుగులది, లోతు రెండడుగులది అయితే లేచేటప్పుడు ఎనభై ఏడున్నర అంగుళాలు కావాలి. తొమ్మిదిన్నర అడుగుల సీలింగు కింద ఇబ్బంది లేదు, అటక కిందైతే ఇరుక్కుంటుంది.

గుమ్మం ముందు, గుమ్మం వెనక

మూడో అంతస్తు చేరాక కూడా పని అయిపోలేదు. నా పాత అనుభవం జరిగింది ఇక్కడే కదా. గుమ్మం ముందు లాబీలో తలుపు నుంచి ఎదురు గోడ దాకా ఎంత ఉంది, గుమ్మం దాటాక లోపల ఎదురు గోడ దాకా ఎంత ఉంది, ఈ రెండూ కొలవండి. అప్ప వాళ్ళకి బయట 72, తలుపు గోడ మందం 9, లోపల వంటగది గోడ దాకా 60, ఆ లోపలి దారి వెడల్పు 40. అక్కడి నుంచి కుడి వైపుకి హాలు తెరుచుకుంటుంది. తలుపుకి ఎదురుగా హాలు నేరుగా ఉన్న ఇల్లయితే, బయట కూడా ఏడడుగులు తిన్నగా ఉంటే, సోఫాని కొస ముందుగా పెట్టి నెట్టేయొచ్చు, ఈ భాగం మీకు అవసరం లేదు.

ఇక్కడ తిన్నగా వెళ్ళే చోటు లేదు. నిలబెడితే సోఫా 84, తలుపు 80. అందరూ చేసేది ఏంటంటే దాన్ని పక్కకి కాస్త వంచుతారు, నాలుగంగుళాలే కదా అని. తలుపు రెండు చెక్కల మధ్య కుడికో ఎడమకో వంచితే ఎత్తు తగ్గదు, పెరుగుతుంది. 30 అంగుళాల లావున్న ఈ సోఫాని పది డిగ్రీలు పక్కకి వంచితే ఎత్తు 84 నుంచి 88 అవుతుంది, పై మూల లేస్తుంది కాబట్టి. లిఫ్టులో కుదరకపోవడానికీ కారణం ఇదే. తలుపు మీద గీతలు పడి, కూలీలకి చిరాకు వచ్చి, ఎవరో ఒకరు ఫ్రేము కోసేద్దామనే దాకా వెళ్ళేది ఈ వంచుడు వల్లే.

వంచాల్సింది ముందుకి. సోఫాని లాబీలో నిలబెట్టి, కింది కొసని ఎదురు గోడ వైపుకి లాగుతూ, పై కొసని గుమ్మంలోంచి లోపలికి వాల్చాలి. పై కొస గుమ్మం పై చెక్క కిందుగా దూరి లోపలికి వెళ్తుంది, కింది కొస దాని వెనకే వస్తుంది, లోపలికి చేరాక మళ్ళీ నిలబెట్టాలి. మెట్ల మలుపులో చేసిన పనే ఇది, గుమ్మం పై చెక్క బీమ్ లాంటిది అనుకోండి. సోఫాని నిలువు నుంచి 55 డిగ్రీల దాకా వాల్చితే దాని ఎత్తు 78 లోపుకి దిగుతుంది, తలుపు 80. నేల మీద మాత్రం దాదాపు 90 అంగుళాల చోటు తీసుకుంటుంది. మనకి బయట 72, గోడ 9, లోపల 60, మొత్తం 141 ఉంది కాబట్టి ఆడుతుంది. లోపల మూడడుగుల దూరంలోనే గోడ ఉన్న ఇంట్లో ఇది సాగదు. అడ్డంగా తలుపులో 30 తీసుకుంటుంది, రెక్క ఉండగానే 35 ఉంది కాబట్టి రెక్క తీయక్కర్లేదు. అదే పడకగది తలుపు అయితే అక్కడ రెక్క తీయాలి, ఏటవాలు లోతు 29 అప్పుడు పనికొస్తుంది.

లోపలి దారి 40 అంగుళాలే, నిలబెట్టిన సోఫా ఒక మూల నుంచి ఎదురు మూలకి 47, కాబట్టి అక్కడ తిప్పడానికి చూడకండి. తిప్పకుండా అలాగే పక్కకి, హాల్లోకి జరపండి.

అట్టతో ఒకసారి నడిపి చూడండి

కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది, కానీ స్విచ్ బోర్డు, లాబీలో పక్కింటి వాళ్ళ చెప్పుల రాక్, సీలింగు లైటు లెక్కలో ఉండవు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఎవరింట్లోనైనా దొరుకుతుంది, దాన్ని విప్పి, చాలకపోతే ఇంకో ముక్క టేపుతో అంటించి, సోఫా పొడవు, లోతు ఎంతో అంత పలక చేయండి. మేము 84 కి 36 చేశాం. ఇద్దరు దాన్ని నిలువుగా పట్టుకుని మెట్లు ఎక్కించాలి, ల్యాండింగ్ మీద నిలబెట్టాలి, జరపాలి, వాల్చాలి, గుమ్మంలోంచి ముందుకి వంచి దూర్చాలి. అట్టకి లావు ఉండదు, అందుకని ఒకరు 30 అంగుళాల కర్రముక్క అడ్డంగా పట్టుకుని వెంట నడవాలి, పక్కల ఏమైనా తగులుతుందేమో చూడ్డానికి. మాకు అరగంట పట్టింది. మొదటి అంతస్తు ల్యాండింగ్‌లో కిటికీ రెక్క లోపలికి తెరుచుకుని అట్టకి తగిలింది, టేపుతో కొలిచినప్పుడు ఆ కిటికీ మూసి ఉంది, మాకు తట్టలేదు.

ఎంత ఖాళీ మిగిలితే డబ్బు కట్టొచ్చు అంటే, ప్రతి ఇరుకు చోటా కనీసం రెండంగుళాలు. ఒక అంగుళమే మిగిలితే ఆ సోఫా వద్దు, ఎందుకంటే ఫోమ్ ఉబ్బు, గుడ్డ మడత, మన టేపు పొరపాటు కలిపి అంత తినేస్తాయి. అంతకంటే ఇరుకైతే షాపులో అడగాల్సింది హ్యాండ్ రెస్టులు బోల్టులతో ఊడేవా, లేదా రెండు ముక్కలుగా వచ్చి ఇంట్లో కలిపేదా అని. ఊడేవి అంటే నోటిమాట కాకుండా ఒకసారి ఊడదీసి చూపించమనండి, గుడ్డ కింద బోల్టులు కుట్టేసి ఉంటే ఊడవు. వడ్రంగిని ఇంటికి పిలిచి హాల్లోనే చేయించుకోవడం ఇంకో దారి, మన ఊళ్ళలో ఇప్పటికీ దొరుకుతారు.

బాల్కనీ నుంచి తాళ్ళతో లాగడం మాత్రం నేను వద్దంటాను. కింద కరెంటు తీగలు ఉంటాయి, బాల్కనీ రెయిలింగ్ పిల్లలు పడకుండా కట్టింది గానీ అంత బరువు వేలాడదీయడానికి కాదు, కింద నడిచేవాళ్ళు ఉంటారు. సరైన సామాను, ఆ పని రోజూ చేసే మనుషులు ఉంటే వేరే సంగతి.

డబ్బు కట్టే ముందు బిల్లు మీదే రాయించుకోండి, మూడో అంతస్తుకి మెట్ల మీద చేర్చాలి, దూరకపోతే వాపసు కిరాయి ఎవరిది అని. నేను ఆ ముక్క రాయించుకోలేదు, అందుకే రెండు కిరాయిలూ కట్టాను.

బండి వచ్చిన రోజు

ప్యాకింగ్ కిందే విప్పించండి. థర్మాకోల్, అట్ట కలిసి ఒక్కో వైపు అంగుళం పైనే పెంచుతాయి, మనం వెతికి వెతికి మిగుల్చుకున్న రెండంగుళాలూ అందులోనే పోతాయి. విప్పాక పాత దుప్పటి చుట్టి తాడు కట్టండి. కాళ్ళు ఊడదీసి మరలతో సహా ఒక కవర్లో వేసి మీ చేతిలోనే ఉంచుకోండి. కూలీలకి ముందే మూడు మాటలు చెప్పండి: వీపు మీద పెట్టి మోయాలి, మలుపులో తిప్పొద్దు నిలబెట్టాలి, గుమ్మంలో పక్కకి కాదు ముందుకి వంచాలి. వాళ్ళకి ఇది తెలియదని కాదు, మీరు కొలిచారని తెలిస్తే వాళ్ళు కూడా తొందరపడరు.

అప్ప వాళ్ళ సోఫా మూడు అంతస్తులూ ఎక్కి లోపలికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండో అంతస్తు పైపు దగ్గర ఒక్కసారి ఆగారు, అక్కడ కూడా ముందే గోడకి మడిచిన గోనెసంచి కట్టి ఉంచాం కాబట్టి గీత పడలేదు. హాల్లో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు బిగించేటప్పుడు ఒకటి గట్టిగా తిరగలేదు, మర వంకరగా ఎక్కింది, విప్పి మళ్ళీ ఎక్కించాం. నాలుగు కాళ్ళూ అటూ ఇటూ కదలకుండా బిగిసాకే దాన్ని నిలబెట్టి, అప్పని మొదట కూర్చోమన్నాం.